హిస్టిడిన్ ఆవేశం లెక్క: సమవిద్యుత్ బిందువును, ఏ పీహెచ్ దగ్గరైనా నికర ఆవేశాన్ని కనుక్కొనే పద్ధతి

గ్లైసిన్ సమవిద్యుత్ బిందువు ఎంత అని అడిగితే, దాని రెండు పీకేఏలైన 2.34, 9.60లను కలిపి సగం చేసి 5.97 అని చెప్పడం డిగ్రీ విద్యార్థులందరికీ వచ్చు. అదే విద్యార్థిని హిస్టిడిన్ గురించి అడిగినప్పుడు, పట్టికలో 1.82, 6.00, 9.17 అని మూడు అంకెలు కనబడేసరికి చెయ్యి ఆగిపోతుంది. బెంగళూరు మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ హాస్టళ్లలో ఉంటూ సీఎస్ఐఆర్ నెట్, గేట్ పరీక్షలకు చదువుకుంటున్న అనంతపురం, కడప, చిత్తూరు పిల్లలు కొందరు ఆదివారాలు నా దగ్గరకు వస్తుంటారు. వారిలో కొందరు మూడు అంకెలనూ కలిపి మూడుతో భాగిస్తారు, మరికొందరు గ్లైసిన్ అలవాటు కొద్దీ మొదటిదాన్నీ చివరిదాన్నీ తీసుకుంటారు. రెండు దారులూ తప్పే. అందుకే ఈ మార్గదర్శిలో ఇరవై అమైనో ఆమ్లాలనూ వరుసగా చెప్పకుండా హిస్టిడిన్ ఒక్కదాన్నే మొదటి నుంచి చివరి దాకా పట్టుకొని, అవసరమైన చోట మాత్రమే ఆస్పార్టిక్ ఆమ్లాన్నీ మరి రెండు మూడింటినీ పక్కన పెట్టి చూపిస్తాను. హిస్టిడిన్ లెక్క చేతికి వస్తే మిగతావాటిలో కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు.

మొదటి అడుగు: ప్రోటాన్‌ను పట్టుకోగల సమూహాలను గుర్తించడం

కాగితం మీద మొదట రాయవలసినవి పీకేఏ అంకెలు కావు, ప్రోటాన్‌ను వదలగల లేదా పట్టుకోగల సమూహాల పేర్లు. హిస్టిడిన్‌లో అవి మూడు. ఆల్ఫా కార్బాక్సిల్ పీకేఏ 1.82, పక్క గొలుసులోని ఇమిడజోల్ వలయం పీకేఏ 6.00, ఆల్ఫా అమైనో సమూహం పీకేఏ 9.17. ఇవి నీటిలో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, విడిగా ఉన్న హిస్టిడిన్‌కు పాఠ్యపుస్తకాలలో సాధారణంగా ఇచ్చే విలువలు.

ఈ సమూహాలలో రెండు జాతులే ఉన్నాయి. కార్బాక్సిల్ వంటి ఆమ్ల సమూహం ప్రోటాన్ ఉన్నప్పుడు ఆవేశరహితంగా ఉండి, దాన్ని వదిలాక మైనస్ ఒకటి అవుతుంది. అమైనో, ఇమిడజోల్ వంటి క్షార సమూహం ప్రోటాన్ ఉన్నప్పుడు ప్లస్ ఒకటిగా ఉండి, వదిలాక సున్నా అవుతుంది. రెండు సందర్భాల్లోనూ ఒక ప్రోటాన్ పోతే ఆవేశం సరిగ్గా ఒకటి తగ్గుతుంది, బయలుదేరే చోటు మాత్రమే వేరు. అమైనో సమూహం ప్రోటాన్‌ను వదిలి మైనస్ ఒకటి అవుతుందని రాసేవాళ్లు తరచు కనిపిస్తారు. జవాబులో ఆవేశం ఉండవలసిన దానికన్నా సరిగ్గా ఒకటి తక్కువ వస్తే ముందుగా అనుమానించవలసింది ఈ పొరపాటునే.

సిస్టీన్‌లోని థయోల్, టైరోసిన్‌లోని ఫినాల్ సమూహాలు ఏ జాతివో ఇక్కడే తేల్చుకోవాలి. వాటి పీకేఏలు ఎక్కువగా, 8.18, 10.07గా ఉండడంతో, అమైనో సమూహంలాగే అవి కూడా క్షార సమూహాలై ఉంటాయని పొరబడే ప్రమాదం ఉంది. అవి ఆమ్ల జాతివే. ప్రోటాన్ ఉన్నంతసేపూ వాటి ఆవేశం సున్నా, వదిలాక మైనస్ ఒకటి. ఒక సమూహం ఏ జాతిదో దాని పీకేఏ చెప్పదు, దాని నిర్మాణం చెబుతుంది.

రెండవ అడుగు: ప్రోటాన్లను ఒక్కొక్కటిగా ఊడదీయడం

ఇప్పుడు పీహెచ్ సున్నాకు దగ్గరగా ఉన్న చిక్కటి ఆమ్లంలో హిస్టిడిన్ ఉందనుకుందాం. మూడు సమూహాలూ ప్రోటాన్‌తో ఉంటాయి కనుక కార్బాక్సిల్ సున్నా, ఇమిడజోల్ ప్లస్ ఒకటి, అమైనో ప్లస్ ఒకటి, మొత్తం ప్లస్ రెండు. అక్కడి నుంచి పీహెచ్ పెంచుతూ పోతే తక్కువ పీకేఏ ఉన్న సమూహం ముందుగా, ఎక్కువ పీకేఏ ఉన్నది చివరగా ప్రోటాన్‌ను వదులుతాయి. దీన్ని ఒకే వరుసలో ఇలా రాసుకోవాలి.

```
+2 --(1.82)--> +1 --(6.00)--> 0 --(9.17)--> -1
```

బాణం మీద ఉన్న ప్రతి అంకె, దాని ఎడమవైపు రూపమూ కుడివైపు రూపమూ సమానంగా ఉండే పీహెచ్. ఈ వరుసను రాయకుండా లెక్క మొదలుపెట్టవద్దని నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే తర్వాతి అడుగులో ఏ రెండు అంకెలు తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు దీన్ని చూస్తేనే తెలిసిపోతుంది.

మూడవ అడుగు: సున్నాకు అటూ ఇటూ ఉన్న పీకేఏల సగటు

వరుసలో సున్నా ఎక్కడుందో చూడండి. దాని ఎడమన 6.00, కుడిన 9.17 ఉన్నాయి. వాటి సగటు 7.585, ఇదే హిస్టిడిన్ సమవిద్యుత్ బిందువు, అంటే పీఐ. పుస్తకాల్లో దీన్నే 7.59 అని వేస్తారు. 1.82కు ఈ లెక్కలో చోటు లేదు, ఎందుకంటే అది ప్లస్ రెండుకూ ప్లస్ ఒకటికీ మధ్య జరిగే వ్యవహారం.

సగటే ఎందుకు తీసుకోవాలన్నది తెలిస్తే సూత్రాన్ని కంఠస్థం చేయవలసిన పని ఉండదు. నికర ఆవేశం సున్నా కావాలంటే ద్రావణంలో ప్లస్ ఒకటి రూపం ఎంత ఉందో మైనస్ ఒకటి రూపం కూడా అంతే ఉండాలి (ఆ పీహెచ్ దగ్గర ప్లస్ రెండు రూపం లెక్కలోకి రానంత తక్కువ). ప్లస్ ఒకటి నుంచి సున్నాకు, సున్నా నుంచి మైనస్ ఒకటికి వెళ్లే రెండు సమతాస్థితుల స్థిరాంకాలను గుణిస్తే సున్నా రూపపు గాఢత కొట్టుకుపోతుంది, ప్లస్ ఒకటీ మైనస్ ఒకటీ సమానం కనుక అవి కూడా కొట్టుకుపోతాయి, చివరకు మిగిలేది ఇదే.

```
Ka2 × Ka3 = [H+]^2
pI = (pKa2 + pKa3) / 2 = (6.00 + 9.17) / 2 = 7.585
```

ఇంకొక దారి కూడా ఉంది. నా అభిప్రాయంలో పరీక్ష హాలులో ఇదే వేగమైనది. అణువులో ఎన్ని ఆమ్ల సమూహాలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆవేశం సున్నా కావాలంటే అణువు దగ్గర సరిగ్గా అన్ని ప్రోటాన్లే మిగిలి ఉండాలి, ఎందుకంటే పూర్తిగా ఊడదీసిన అణువు ఆవేశం ఆమ్ల సమూహాల సంఖ్యకు మైనస్ గుర్తు పెట్టినంత, ఆపైన చేరే ప్రతి ప్రోటాన్ దానికి ఒకటి కలుపుతుంది. హిస్టిడిన్‌లో ఆమ్ల సమూహం ఒకటే కనుక ఒక ప్రోటాన్ మిగలాలి. అది అత్యధిక పీకేఏ ఉన్న అమైనో దగ్గర ఉంటుంది. కాబట్టి పీకేఏలను పెద్దదాని నుంచి కిందికి రాసుకొని, ఒకటవదానికీ రెండవదానికీ సగటు తీయాలి. ఆమ్ల సమూహాలు రెండైతే రెండవదానికీ మూడవదానికీ సగటు.

లైసిన్‌తో సరిచూడండి. పీకేఏలు 10.53, 8.95, 2.18, ఆమ్ల సమూహం ఒకటి. మొదటి రెండింటి సగటు 9.74, అది సరైన జవాబే. సిస్టీన్‌లో 10.28, 8.18, 1.96 ఉన్నాయి. థయోల్‌తో కలిపి ఆమ్ల సమూహాలు రెండు కనుక 8.18, 1.96ల సగటు 5.07. థయోల్‌ను పొరబాటున క్షార జాతిలో వేసినవారికి ఇక్కడ 9.23 వస్తుంది. అంటే సిస్టీన్ లైసిన్‌కు దాదాపు సాటివచ్చే క్షార అమైనో ఆమ్లమని చెప్పినట్టవుతుంది. అది అసంగతమని అప్పుడైనా గ్రహించాలి.

తప్పు జవాబును దానితోనే పట్టించడం

ఒక ఆదివారం ఆస్పార్టిక్ ఆమ్లం లెక్క చేస్తుండగా ఒక అమ్మాయి, "సార్, మూడూ కలిపి మూడుతో భాగిస్తే ఐదు పాయింట్ సున్నా నాలుగు వస్తోంది. ఇది తప్పని ఎలా తెలుస్తుంది? చూడడానికి బాగానే ఉంది కదా?" అని అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. ఏ పీఐ జవాబు వచ్చినా దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటే: ఆ పీహెచ్ దగ్గర నికర ఆవేశాన్ని లెక్కగట్టి, సున్నా వస్తుందో లేదో చూడడం.

ఆస్పార్టిక్ ఆమ్లం పీకేఏలు 1.88, 3.65, 9.60. పీహెచ్ 5.04 దగ్గర ఆల్ఫా కార్బాక్సిల్ దాదాపు పూర్తిగా ప్రోటాన్‌ను వదిలేసింది, మైనస్ 0.999. పక్క గొలుసు కార్బాక్సిల్ కూడా నూటికి తొంభై ఆరు పాళ్లు వదిలేసింది, మైనస్ 0.961. అమైనో సమూహం ప్లస్ ఒకటి. మూడూ కూడితే మైనస్ 0.96. సమవిద్యుత్ బిందువని చెప్పిన చోట అణువు మీద దాదాపు ఒక నిండు రుణావేశం కూర్చొని ఉంది! అసలు జవాబు 1.88, 3.65ల సగటు, అంటే 2.77. అక్కడ ఆల్ఫా కార్బాక్సిల్ మైనస్ 0.885, పక్క గొలుసు మైనస్ 0.115, అమైనో ప్లస్ ఒకటి, మొత్తం సున్నా.

హిస్టిడిన్‌కు గ్లైసిన్ అలవాటు కొద్దీ 1.82, 9.17ల సగటు తీస్తే 5.495 వస్తుంది. ఆ పీహెచ్ దగ్గర కార్బాక్సిల్, అమైనో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి గాని, ఇమిడజోల్ ప్లస్ 0.76 అలాగే మిగిలిపోతుంది.

నాలుగవ అడుగు: ఏ పీహెచ్ దగ్గరైనా నికర ఆవేశం

పై పరీక్షలో వాడిన 0.961, 0.885 వంటి భిన్నాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు చూద్దాం. ఏ సమూహమైనా ఫలానా పీహెచ్ దగ్గర ఎంత భాగం ప్రోటాన్‌తో ఉందో హెండర్సన్–హాసెల్‌బాల్క్ సమీకరణాన్ని కాస్త తిప్పి రాస్తే నేరుగా వస్తుంది.

```
f = 1 / (1 + 10^(pH - pKa))
```

ఇక్కడ ఎఫ్ అంటే ప్రోటాన్‌ను పట్టుకొని ఉన్న భాగం. క్షార సమూహం ఆవేశం ప్లస్ ఎఫ్, ఆమ్ల సమూహం ఆవేశం ఎఫ్ మైనస్ ఒకటి. దీన్ని దుకాణం జమాఖర్చులా చూడవచ్చు: అన్ని సమూహాల ఎఫ్‌లూ జమ, ఆమ్ల సమూహాల సంఖ్య ఖర్చు, తేడాయే నికర ఆవేశం. హిస్టిడిన్‌లో ఖర్చు ఎప్పుడూ ఒకటే.

పీహెచ్ 7.0 దగ్గర చేసి చూద్దాం. కార్బాక్సిల్‌కు పీహెచ్, పీకేఏల తేడా ఐదుకు మించి ఉంది కనుక ఎఫ్ సున్నాయే అనుకోవచ్చు. ఇమిడజోల్‌కు తేడా సరిగ్గా ఒకటి, పది ఘాతం ఒకటి పది, దానికి ఒకటి కలిపితే పదకొండు, ఎఫ్ 0.091. అమైనోకు తేడా మైనస్ 2.17, పది ఘాతం మైనస్ 2.17 అంటే 0.0068, ఎఫ్ 0.993. మూడూ కూడి ఒకటి తీసేస్తే ప్లస్ 0.084 వస్తుంది. పీఐ 7.59 కన్నా ఇంకా కిందనే ఉన్నాం కనుక గుర్తు ప్లస్ కావడం సబబే. పీఐకి కింద ధనావేశం, పైన రుణావేశం అన్న ఈ ఒక్క తనిఖీ గుర్తు తారుమారైన లెక్కలను వెంటనే పట్టిస్తుంది.

అణువు మీద 0.084 ఆవేశమేమిటి, ప్రోటాన్ ముక్కలవుతుందా అని సందేహం రావచ్చు. ముక్కలు కాదు. ఏ క్షణంలో చూసినా ఒక్కో హిస్టిడిన్ అణువు మీద పూర్ణాంక ఆవేశమే ఉంటుంది. వందలో సుమారు తొమ్మిది అణువులు ప్లస్ ఒకటిగా, ఒకటికన్నా తక్కువ మైనస్ ఒకటిగా, మిగిలినవి సున్నాగా ఉంటే సగటు అంత వస్తుంది. నికర ఆవేశం అన్న మాటకు ఇక్కడ సగటు ఆవేశమనే అర్థం.

పీహెచ్ సున్నా నుంచి పన్నెండు వరకు మొత్తం వక్రరేఖ కావాలంటే ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో A అనే నిలువు వరుసలో పీహెచ్‌లు వేసుకొని, రెండవ అడ్డు వరుస నుంచి ఈ సూత్రాన్ని కిందికి లాగితే చాలు.

```
=1/(1+10^(A2-1.82))+1/(1+10^(A2-6.00))+1/(1+10^(A2-9.17))-1
```

పీహెచ్ 1 దగ్గర ప్లస్ 1.87, పీహెచ్ 3 దగ్గర ప్లస్ 1.06, పీహెచ్ 6 దగ్గర ప్లస్ 0.50, పీహెచ్ 7.585 దగ్గర సున్నా, పీహెచ్ 9.17 దగ్గర మైనస్ 0.50, పీహెచ్ 11 దగ్గర మైనస్ 0.99 రావాలి. ఇవి రాకపోతే ఎక్కడో కుండలీకరణం తప్పి ఉంటుంది. గ్రాఫ్ గీస్తే పీహెచ్ 4 పరిసరాల్లో ప్లస్ ఒకటి దగ్గర ఒక చదును కనిపిస్తుంది, అక్కడి నుంచి పీహెచ్ 6 చుట్టూ ఏటవాలుగా దిగుతుంది. ఏటవాలు ఉన్న చోటే ఆ సమూహం బఫర్‌గా పనిచేస్తుంది, చదునుగా ఉన్న చోట పనిచేయదు.

పరీక్షలో ఐచ్ఛికాలు పూర్ణాంకాలైతే ఇంత లెక్క అక్కరలేదు. పీహెచ్, పీకేఏ కన్నా రెండు ప్రమాణాలు తక్కువైతే ఆ సమూహం నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ప్రోటాన్‌తో ఉందని, రెండు ప్రమాణాలు ఎక్కువైతే అంతే మేరకు వదిలేసిందని తీసుకోవచ్చు. తేడా ఒక ప్రమాణమే అయితే ఈ నిష్పత్తి 91కి 9. అంతకన్నా దగ్గరగా ఉంటే పూర్ణాంకంగా సర్దడం సమంజసం కాదు. హిస్టిడిన్‌తో చిక్కంతా ఇదే: జీవశాస్త్రంలో ఎక్కువగా అడిగే పీహెచ్ 6, 7, 7.4 అన్నీ దాని ఇమిడజోల్ పీకేఏకు రెండు ప్రమాణాల లోపలే పడతాయి.

సమవిద్యుత్ బిందువు దగ్గర అణువులన్నీ సున్నాయేనా?

ఇది చాలా పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటేసే విషయం గనుక కాస్త నిలబడి చూడడం మంచిది. నికర ఆవేశం సున్నా అంటే ప్లస్ ఒకటులూ మైనస్ ఒకటులూ సమానంగా ఉన్నాయని మాత్రమే అర్థం. సున్నా రూపం ఎంత శాతం ఉందన్నది దానికి అటూ ఇటూ ఉన్న రెండు పీకేఏల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. గ్లైసిన్‌లో ఆ దూరం 7.26, కాబట్టి పీఐ దగ్గర నూటికి 99.9 పాళ్లకు పైగా ద్విధ్రువ అయాన్ రూపమే. హిస్టిడిన్‌లో దూరం 3.17, సున్నా రూపం సుమారు 95 శాతం, అటూ ఇటూ రెండున్నర శాతం చొప్పున మిగతా రెండు రూపాలు. ఆస్పార్టిక్ ఆమ్లంలో దూరం 1.77 మాత్రమే కావడంతో సున్నా రూపం 79 శాతానికి పడిపోతుంది, ప్రతి పది అణువుల్లో ఒకటి ప్లస్‌తో, మరొకటి మైనస్‌తో ఉంటాయి.

దీనికి ఆచరణలో ఒక ఫలితం ఉంది. గ్లైసిన్ వక్రరేఖ పీఐ చుట్టూ విశాలమైన చదునుగా ఉంటుంది. పీహెచ్ 5 అయినా 7 అయినా దాని ఆవేశం సున్నాకు అతుక్కునే ఉంటుంది. ఆస్పార్టిక్ ఆమ్లం వక్రరేఖ మాత్రం పీఐ దగ్గర ఏటవాలుగానే సాగిపోతుంది, పీహెచ్ కాస్త జరిగినా ఆవేశం కనబడేంతగా మారుతుంది. పీఐ అన్న ఒక్క అంకెను చూసి అమైనో ఆమ్లం ప్రవర్తనను ఊహించడంలో ఉన్న పరిమితి ఇది.

ఐదవ అడుగు: లెక్కను కాగితం మీద కదిలించి చూడడం

ఈ లెక్క నిజమో కాదో తేల్చుకోవడానికి కాలేజీ ల్యాబుల్లో చేసే కాగితపు ఎలక్ట్రోఫొరెసిస్‌ను మించిన మార్గం లేదు. పీహెచ్ 6.0 బఫర్‌లో తడిపిన ఫిల్టర్ కాగితం మధ్యలో పెన్సిల్‌తో గీత గీసి, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్‌లను విడివిడి చుక్కలుగా పెట్టి కరెంటు ఇస్తారు. నిర్ణీత సమయం తర్వాత కాగితాన్ని ఆరబెట్టి, నిన్‌హైడ్రిన్ చల్లి, సుమారు 105 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని నిమిషాలు వేడిచేస్తే ఊదారంగు చుక్కలు బయటపడతాయి. కాగితాన్ని ఒట్టి చేత్తో ముట్టుకుంటే వేలిముద్రలు కూడా అదే ఊదారంగులో తేలుతాయి, ఎందుకంటే చెమటలోనూ అమైనో ఆమ్లాలు ఉంటాయి. గ్లవుజులు తప్పనిసరి.

స్విచ్ వేయకముందే ఫలితాన్ని రాసిపెట్టుకోవాలి. పీహెచ్ 6.0 దగ్గర ఆస్పార్టిక్ ఆమ్లం ఆవేశం మైనస్ ఒకటికి చాలా దగ్గర, కనుక ఆనోడ్ వైపు నడుస్తుంది. లైసిన్ ప్లస్ ఒకటి, కాథోడ్ వైపు నడుస్తుంది. గ్లైసిన్ గీత దగ్గరే ఉండాలి. హిస్టిడిన్ సగటున ప్లస్ 0.5 కనుక లైసిన్ వెళ్లే దిక్కులోనే, దానికన్నా వెనకబడి నడవాలి.

అయితే గ్లైసిన్ చుక్క గీత మీద నిలవకుండా కొంచెం కాథోడ్ వైపు జరిగి కనిపించడం మామూలే. అది చూసి గ్లైసిన్‌కు ధనావేశం ఉందని రికార్డులో రాయకూడదు. కాగితంలోని సెల్యులోజ్ మీద కొద్దిపాటి రుణావేశ సమూహాలు ఉంటాయి, వాటికి జతగా ద్రావణంలో ఉన్న ధన అయాన్లు నీటిని వెంట లాక్కొని కాథోడ్ వైపు పోతాయి, ఆ ప్రవాహంలో ఆవేశం లేని పదార్థాలూ కొట్టుకుపోతాయి. దీన్ని ఎలక్ట్రో ఎండాస్మాసిస్ అంటారు. అందుచేత దూరాలను పెన్సిల్ గీత నుంచి కాకుండా గ్లైసిన్ చుక్క నుంచి కొలవడం సరైన పద్ధతి. అలా కొలిచినప్పుడే ఆస్పార్టిక్ ఆమ్లం, లైసిన్ దూరాలు పోల్చదగినవిగా వస్తాయి.

ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది హిస్టిడిన్ చుక్క. బఫర్ పీహెచ్ 6.0 అనుకొని 5.5 దగ్గర తయారుచేశారనుకోండి. లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లైసిన్ ఏవీ ఆ తేడాను పట్టించుకోవు, వాటి ఆవేశాలు నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి మారవు. హిస్టిడిన్ ఆవేశం మాత్రం ప్లస్ 0.5 నుంచి 0.76కు ఎగబాకి, చుక్క లైసిన్‌కు దగ్గరగా పోతుంది. అదే 6.5 అయితే 0.24కు దిగి, గ్లైసిన్‌కు దగ్గరగా నిలుస్తుంది. మిగతా మూడు చుక్కలూ సరిగ్గా ఉండి హిస్టిడిన్ ఒక్కటే తప్పుగా కనిపిస్తే, లెక్కను తిరగరాసే ముందు బఫర్ సీసాలో పీహెచ్ మీటర్ ముంచి చూడాలి.

పట్టిక అంకెలు ఎంతవరకు నమ్మాలి

పట్టికలోని పీకేఏలు 25 డిగ్రీలవి. బెంగళూరులో ఏడాదిలో చాలా నెలలు ఏసీ లేని ల్యాబు కూడా ఆ ఉష్ణోగ్రతకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ఈ సంగతి ఎవరికీ తట్టదు. ఇదే ప్రయోగాన్ని మే నెలలో చెన్నైలో, ఫ్యాన్ కింద 35 డిగ్రీల దగ్గర చేస్తే, అమైనో సమూహం పీకేఏ సుమారు 0.2 నుంచి 0.3 వరకు, ఇమిడజోల్‌ది సుమారు 0.2 మేరకు తగ్గుతాయి, కార్బాక్సిల్ మాత్రం దాదాపు కదలదు. అంటే హిస్టిడిన్ పీఐ 7.59 నుంచి 7.4 దరిదాపులకు దిగుతుంది, ఆస్పార్టిక్ ఆమ్లం పీఐ మాత్రం ఉన్నచోటే ఉంటుంది, ఎందుకంటే దాని సున్నాకు రెండు పక్కలా ఉన్నవి కార్బాక్సిల్‌లే. పీహెచ్ మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ బటన్ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ బటన్ ఎలక్ట్రోడ్ వోల్టేజీని పీహెచ్‌గా మార్చే లెక్కను మాత్రమే సవరిస్తుంది, ద్రావణంలోని అమైనో ఆమ్లం పీకేఏను వెనక్కి తేదు.

పుస్తకానికీ పుస్తకానికీ రెండవ దశాంశ స్థానంలోనూ, కొన్నిసార్లు మొదటిదానిలోనూ తేడాలుంటాయి. పరీక్షలో ప్రశ్నలోనే పీకేఏలు ఇస్తే, మనకు గుర్తున్నవాటితో సరిపోకపోయినా ఇచ్చినవాటినే వాడాలి. పీహెచ్ 2 కన్నా కింద, 12 కన్నా పైన టైట్రేషన్ నుంచి పీకేఏ తీసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ మనం పోసిన ఆమ్లంలో లేదా క్షారంలో పెద్ద భాగం ద్రావణం పీహెచ్‌ను మార్చడానికే ఖర్చవుతుంది. అంతే పరిమాణం ఉన్న ఒట్టి నీటిని అదే విధంగా టైట్రేట్ చేసి ఆ రీడింగును తీసివేస్తే తప్ప హిస్టిడిన్ 1.82 సరిగ్గా బయటకు రాదు.

చివరగా, ఈ అంకెలన్నీ విడిగా ఉన్న అమైనో ఆమ్లానివి. హిస్టిడిన్ ఒక పెప్టైడ్ మధ్యలో చేరిందంటే దాని ఆల్ఫా కార్బాక్సిల్, ఆల్ఫా అమైనో రెండూ పెప్టైడ్ బంధంలో కలిసిపోయి, ఆవేశాల పట్టికలో ఇమిడజోల్ ఒక్కటే మిగులుతుంది. ఉదాహరణకు గ్లైసిన్–హిస్టిడిన్–లైసిన్ వరుస ఉన్న ట్రైపెప్టైడ్‌లో రాసుకోవలసినవి గ్లైసిన్ వైపు అమైనో చివర, హిస్టిడిన్ ఇమిడజోల్, లైసిన్ పక్క గొలుసు, లైసిన్ వైపు కార్బాక్సిల్ చివర, మొత్తం నాలుగు. ఆమ్ల సమూహం ఒకటే కనుక పెద్దదాని నుంచి కిందికి మొదటి రెండు పీకేఏల సగటే పీఐ. కాకపోతే చివరల పీకేఏలు విడి అమైనో ఆమ్లాల పట్టికలో ఉన్నట్టు ఉండవు: రెండు చివరల మధ్య దూరం పెరగడంతో అమైనో చివర పీకేఏ సుమారు 8కి దిగుతుంది, కార్బాక్సిల్ చివరది 3 దాటుతుంది. మడతపడిన ప్రోటీన్ లోపలైతే పొరుగున ఉన్న ఆవేశాలను బట్టి, నీరు అందుతుందా లేదా అన్నదాన్ని బట్టి ఇమిడజోల్ పీకేఏ ఒక ప్రమాణానికి పైగా కూడా జరగవచ్చు. అక్కడ పట్టిక అంకెతో వచ్చిన పీఐని అంచనాగా మాత్రమే తీసుకొని, అసలు విలువను ఐసోఎలక్ట్రిక్ ఫోకసింగ్‌తో కొలుచుకోవాలి.